రివర్స్ లైటు తీగ నుంచే కరెంటు: కారుకు రివర్స్ కెమెరా మనమే బిగించుకోవడం

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు కంపెనీ నుంచే వస్తున్నాయి. అంతకుముందు కొన్న కార్లలో చాలావాటికి అవీ లేవు, కెమెరా అసలే లేదు. అలాంటి కారు ఒకటి తీసుకుని పని మొత్తం చూద్దాం. మాన్యువల్ గేరు పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, డ్యాష్‌బోర్డులో బయట కొని పెట్టించుకున్న తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో. కొత్తగా కొనాల్సింది కెమెరా, దాని కేబులే.

కార్ డెకార్స్ షాపులో అరగంటలో బిగించి పంపిస్తారు. చాలాచోట్ల బాగానే చేస్తారు కూడా. ఇబ్బందల్లా రివర్స్ లైటు తీగ దగ్గర వేసే జాయింటుతోనే. తీగను పళ్లతో ఒలిచి, మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టేస్తే రెండో వానాకాలానికి బొమ్మ ఆడుతూ ఆడుతూ ఆగిపోతుంది. ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుంటే ఆ జాయింటు అంతకంటే గట్టిగా మనమే వేసుకోవచ్చు.

ఈ తీగే ఎందుకు

గేరు రివర్స్‌లో పడగానే గేర్‌బాక్సు మీద ఉండే చిన్న స్విచ్ కలుస్తుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే కరెంటు వెనక లైటుకు వెళ్తుంది. గేరు తీస్తే ఆగిపోతుంది. కెమెరా కూడా సరిగ్గా అంతసేపే పనిచేయాలి కాబట్టి విడిగా స్విచ్ అక్కర్లేదు. పైగా స్టీరియోకు “ఇప్పుడు కెమెరా బొమ్మ చూపించు” అని చెప్పేదీ ఈ కరెంటే. లైటు, కెమెరా, స్టీరియోకు వెళ్లే సంకేతం మూడూ ఒకే తీగ మీద నడుస్తాయి.

ఆ తీగ మోయగలదా అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. మామూలు రివర్స్ బల్బు 21 వాట్లు. 12 వోల్టుల మీద అది సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. కెమెరాకు కావాల్సింది ఆంపియరులో పదో వంతు, అటూ ఇటూగా. తీగకు అదొక లెక్క కాదు.

ఒక పరిమితి మాత్రం ముందే తెలుసుకోవాలి. గేరు వేసిన ప్రతిసారీ కెమెరా కొత్తగా ఆన్ అవుతుంది కాబట్టి బొమ్మ రావడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఆ కాసేపు అద్దాల్లో చూడాల్సిందే.

ముందు స్టీరియో విప్పండి, కెమెరా తర్వాత

చాలామంది ముందు కెమెరా బిగించేసి, కేబుల్ లాగేసి, చివర్లో స్టీరియో విప్పుతారు. కెమెరాలో లోపం ఉంటే చేసిన పనంతా మళ్లీ విప్పాలి. అందుకని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్‌ను ప్లాస్టిక్ ప్రై టూల్‌తో ఊడదీసి, స్క్రూలు తీసి, స్టీరియోను ముందుకు లాగండి. వెనక తీగల గుత్తిలో రెండు కావాలి. ఒకటి కెమెరా వీడియో కోసం ఉండే పసుపు ఆర్‌సీఏ సాకెట్. రెండోది ‘బ్యాక్’ అనో ‘రివర్స్’ అనో చిన్న చీటీ అంటించి ఉండే ఒంటి తీగ. ఇది ఎవరూ కలపకుండా చివర టేపు చుట్టి వదిలేసి ఉంటుంది.

ఇప్పుడు కెమెరాను సీటు మీదే పరీక్షించండి. ఇంట్లో వైఫై రూటరుకు వాడే 12 వోల్టుల అడాప్టరు సరిపోతుంది. దాని ప్లస్, మైనస్ ఏవో మల్టీమీటర్‌తో చూసుకోండి, ఎందుకంటే తిరగేసి ఇస్తే కొన్ని కెమెరాలు అక్కడే పోతాయి. ప్లస్‌కు కెమెరా ఎర్ర తీగ, స్టీరియో బ్యాక్ తీగ రెండూ కలపండి. మైనస్‌కు కెమెరా నల్ల తీగ కలిపి, అక్కడి నుంచి ఒక తీగ కారు బాడీ లోహానికి తాకించండి. పసుపు కేబుల్ గుచ్చి ఇగ్నిషన్ ఆన్ చేయండి. బొమ్మ వస్తే కెమెరా, కేబుల్, స్టీరియో మూడూ బాగున్నట్టే.

తెర మీద No Signal అని వస్తే కంగారు పడకండి. స్టీరియో సెట్టింగుల్లో కెమెరా రకం మార్చి చూడండి. పాత పద్ధతి కెమెరాలకు CVBS, కొత్త హెచ్‌డీ కెమెరాలకు AHD ఎంచుకోవాలి. కెమెరా ఒక రకం, సెట్టింగు ఇంకో రకం అయితే బొమ్మ అసలు రాదు, లేదా చారలుగా పరిగెడుతుంది.

రంగు చూసి కాదు, మీటరు పెట్టి కనిపెట్టాలి

వీడియోల్లో “ఎర్ర తీగ పట్టుకోండి” అంటుంటారు. మోడలు మారితే రంగు మారుతుంది, ఒకే మోడల్లో సంవత్సరం మారినా మారొచ్చు. కాబట్టి రంగును వదిలేయండి.

కారును సమతలంగా ఉన్న చోట పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాల కింద రాయి పెట్టండి. ఇంజిన్ ఆపే ఉండాలి. ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి క్లచ్ తొక్కి రివర్స్ గేరు వేయండి. దిగి వెనక్కి వెళ్లి రెండు వైపులా తెల్ల లైటు వెలుగుతోందో లేదో చూడండి. కొన్ని కార్లలో రివర్స్ లైటు ఒక వైపే ఉంటుంది. రెండో వైపు గాజు అలాగే ఉన్నా లోపల బల్బు ఉండదు. వెలిగే వైపే మన పని.

చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో డిక్కీ తెరిస్తే టెయిల్ ల్యాంప్ అంచున రెండు స్క్రూలో బోల్టులో కనిపిస్తాయి. అవి తీసి ల్యాంపును తిన్నగా వెనక్కి లాగాలి. పక్కకు వంచితే అవతలి వైపున్న ప్లాస్టిక్ పిన్నులు విరుగుతాయి. ల్యాంపు చేతిలోకి వచ్చాక రివర్స్ బల్బు హోల్డరు ఏదో చూసి, దాని తీగలు ఎటు పోతున్నాయో గమనించండి.

మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. నల్ల ప్రోబు రంగు లేని బాడీ బోల్టు మీద, ఎర్ర ప్రోబు కనెక్టరు వెనక నుంచి తీగ పక్కగా లోపలికి. రివర్స్‌లో 12 పైచిలుకు, న్యూట్రల్‌లో సున్నా రావాలి. ఇక్కడితో ఆగొద్దు. గేరు న్యూట్రల్‌లోనే ఉంచి పార్కింగ్ లైట్లు వేయండి, ఇండికేటరు వేయండి, ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. వీటిలో దేనికీ మీటరు కదలకపోతేనే అది మన తీగ. తర్వాత టెస్ట్ ల్యాంపుతో ఒకసారి చూడండి. మామూలు బల్బు ఉన్నది వాడండి, ఎల్‌ఈడీది వద్దు. తుప్పు పట్టిన కనెక్టరైనా మీటరుకు 12 వోల్టులు చూపిస్తుంది, అసలు కరెంటు లాగితే గానీ దాని సంగతి బయటపడదు.

మీటరు 7, 8, 9 వోల్టుల దగ్గర ఆగి, బల్బు మాత్రం బాగానే వెలుగుతుంటే అది వేరే కథ. దాని గురించి చివర్లో చెప్తాను.

కెమెరా ఎక్కడ

నంబర్ ప్లేటు పైన, ప్లేటు లైట్ల మధ్య ఉండే చోటు అన్నిటికంటే మంచిది. నేల నుంచి తగినంత ఎత్తు, డిక్కీ మధ్య గీత మీద ఉంటుంది, వాన నీళ్లు నేరుగా పడవు. బంపరు మీద పెడితే బురద ఎక్కువ, చిన్న తాకుడుకే పగులుతుంది.

ప్లేటును మాత్రం ముట్టుకోవద్దు. ఇప్పటి హై సెక్యూరిటీ ప్లేట్లను స్నాప్ లాక్‌తో బిగిస్తారు, ఒకసారి విప్పితే ఆ లాకు మళ్లీ పనికిరాదు. ప్లేటు వెనక బిగించే బ్రాకెట్ కెమెరాలు అందుకే ఇప్పుడు చిక్కు. కెమెరా గానీ దాని తీగ గానీ నంబరులో ఒక్క అక్షరాన్నీ కప్పకూడదు.

రంధ్రం వేయాల్సి వస్తే ముందు డిక్కీ లోపలి ప్యానెల్ విప్పి వెనక ఏముందో చూడండి. లాకు మోటారు, వైపరు మోటారు అక్కడే ఉంటాయి. మధ్య గీతను టేపుతో కొలిచి గుర్తు పెట్టి, పైన మాస్కింగ్ టేపు అంటించి డ్రిల్ చేస్తే పెయింటు పెచ్చు లేవదు. కోసిన అంచుకు తుప్పు పట్టకుండా ప్రైమరు పూసి, ఆరాక రబ్బరు గ్రోమెట్ పెట్టాకే తీగ దూర్చండి. పెయింటు లేని ఇనుప అంచు మన వానలకు ఒక్క సీజన్‌లోనే ఎర్రబడుతుంది.

కేబుల్ లాగడం: అసలు సమయం ఇక్కడే పోతుంది

డిక్కీకి, బాడీకి మధ్య పైన ముడతల రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. డిక్కీలోకి పోయే తీగలన్నీ దాని గుండానే వెళ్తాయి. మన కేబులు కూడా అందులోంచే పోవాలి. బయట నుంచి వేలాడదీస్తే డిక్కీ మూసిన ప్రతిసారీ నలిగి నెలల్లో తెగుతుంది.

గొట్టం రెండు చివర్లనూ బాడీ నుంచి మెల్లగా ఊడదీయండి. కొంచెం గట్టిగా ఉండే పొడవాటి కేబుల్ టైని ఒక వైపు నుంచి దూర్చి, రెండో వైపు బయటికొచ్చాక దానికి కేబుల్ చివర టేపుతో చుట్టి లాగండి. ఇరుకుగా ఉంటే రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ రాస్తే జారుతుంది. నూనె, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఆర్‌సీఏ ప్లగ్గు లావుగా ఉంటుంది కాబట్టి సన్నగా ఉన్న చివరనే ఇందులోంచి పంపేలా ముందే చూసుకోండి. లాగాక డిక్కీని పూర్తిగా తెరిచి కేబుల్ బిగుసుకోలేదని చూసి, గొట్టం చివర్లు మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టండి. సరిగ్గా కూర్చోకపోతే వాన నీళ్లు ఆ దారినే రూఫ్ లైనింగ్‌లోకి దిగుతాయి.

అక్కడి నుంచి ముందుకు ఎడమ వైపు గుమ్మాల కింద తెచ్చుకోవడం మేలు. మన కార్లలో డ్రైవరు కుడి వైపు కూర్చుంటాడు, పెడల్స్ దగ్గర కేబుల్ వేలాడితే ప్రమాదం. తలుపు దగ్గర రబ్బరు బీడింగ్ కొంచెం లాగి, కింద ఉన్న స్కఫ్ ప్లేటును పైకెత్తితే కంపెనీ తీగల కట్ట పరుచుకుని కనిపిస్తుంది. మన కేబుల్‌ను దాని పక్కన పెట్టి జానెడు దూరానికొక కేబుల్ టై వేయండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారైతే పిల్లర్ల కవర్ల జోలికి వెళ్లొద్దు. ఎయిర్‌బ్యాగు ముందు నుంచి కేబుల్ అసలే పోకూడదు.

ఆర్‌సీఏ కేబుల్ రెండు చివర్లా పక్కనే సన్నని ఎర్ర తీగ ఒకటి బయటికి వచ్చి ఉంటుంది. కేబుల్ కవరు లోపలే వెనక నుంచి ముందు దాకా అది నడుస్తుంది. స్టీరియోకు రివర్స్ సంకేతం మోసుకుపోయేది ఇదే. అక్కర్లేదనుకుని దీన్ని కత్తిరించేసి, తర్వాత స్టీరియో కోసం ఇంకో తీగ లాగేవాళ్లూ ఉన్నారు.

జాయింటు

ఇగ్నిషన్ ఆపి తాళం చెవి బయటికి తీసి, బ్యాటరీ నెగెటివ్ విప్పండి. ఇప్పుడు తీగలన్నీ ఒక చోట చేర్చుదాం. కెమెరా ఎర్ర తీగ, ఆర్‌సీఏ కేబుల్ వెనక చివరి సన్నని ఎర్ర తీగ రెండూ కలిసి ఒక చిన్న ఫ్యూజు హోల్డరులోకి, అక్కడి నుంచి రివర్స్ లైటు తీగకు. ఫ్యూజు ఒక ఆంపియరుది చాలు, జాయింటుకు జానెడులోపే ఉండాలి. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో, మిగతా ఊళ్లలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా ఈ హోల్డరు, హీట్ ష్రింక్ స్లీవ్ దొరుకుతాయి. ఈ ఫ్యూజు ఎందుకంటే, కెమెరా తీగ ఎక్కడైనా నలిగి బాడీకి తగిలితే ఇదొక్కటే పోతుంది. ఇది లేకపోతే కారు ఫ్యూజు పోతుంది. దాని మీద రివర్స్ లైటుతో పాటు ఇంకేవేవి నడుస్తున్నాయో మోడల్‌ని బట్టి ఉంటుంది.

కంపెనీ తీగను తెంపొద్దు. కనెక్టరు నుంచి నాలుగు వేళ్ల దూరంలో, తర్వాత మరమ్మతు చేయాలన్నా వీలుండే చోట, సెంటీమీటరు మేర పైతొడుగు మాత్రమే స్ట్రిప్పరుతో ఒలవండి. లోపలి రాగి పోగుల్ని మధ్యలో సూదితో రెండు పాయలుగా విడదీస్తే చిన్న కన్ను ఏర్పడుతుంది. ఫ్యూజు నుంచి వచ్చే తీగ చివర ఒలిచి ఆ కన్నులోంచి దూర్చి, రెండు మూడు చుట్లు చుట్టి, పాయల్ని మళ్లీ దగ్గరకు నొక్కండి. సోల్డరింగ్ ఐరన్‌ను కింద ఆనించి, రాగి వేడెక్కాక పైనుంచి సోల్డరు తాకిస్తే తనంతట తానే పోగుల్లోకి ఇంకుతుంది. ఉండలా పైన నిలిచిపోతే వేడి చాలలేదని అర్థం, మళ్లీ చేయండి. తీగ తెంపలేదు కాబట్టి ఇక్కడ స్లీవ్ ఎక్కించలేం. తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీస్తూ జాయింటుకు రెండు వైపులా రెండేసి సెంటీమీటర్లు దాటేదాకా చుట్టండి. మామూలు ప్లాస్టిక్ టేపు మన ఎండలకు జిగురు కారి ఊడిపోతుంది. స్లీవ్ మిగతా జాయింట్లకు పనికొస్తుంది.

షాపుల్లో వాడే నొక్కుడు క్లిప్పులు వేగంగా పని కానిస్తాయి. కారు లోపల, తడి తగలని చోట ఫర్వాలేదు. టెయిల్ ల్యాంపు దగ్గర నేనైతే వాడను. క్లిప్పులోని లోహపు బ్లేడు పోగుల్ని కోస్తుంది, అక్కడే తేమ చేరి పచ్చగా చిలుం పడుతుంది.

కెమెరా నల్ల తీగను లైటు నల్ల తీగకే కలిపేయాలనిపిస్తుంది. అది బ్రేకు లైటుకు, ఇండికేటరుకు కూడా ఉమ్మడి ఎర్త్. బ్రేకు తొక్కినప్పుడల్లా బొమ్మ అదరొచ్చు. దగ్గర్లో ఉన్న బాడీ బోల్టు ఒకటి విప్పి, కింద పెయింటును ఉప్పు కాగితంతో గీకి, రింగు టెర్మినల్ పెట్టి బిగించండి.

ముందు వైపు పని రెండు నిమిషాలది. పసుపు ప్లగ్గు సాకెట్లో, సన్నని ఎర్ర తీగ స్టీరియో బ్యాక్ తీగకు. బ్యాటరీ కలిపి, ఇంజిన్ ఆపే ఉంచి, రివర్స్ వేసి చూడండి. తెర దానంతటదే మారాలి.

బొమ్మ, గీతలు సరిచేయడం

మొదట ఎడమ, కుడి సంగతి. కారు వెనక ఎడమ మూల బకెట్ పెట్టండి. తెరలో కూడా ఎడమ వైపే కనిపించాలి. కుడి వైపు కనిపిస్తే కెమెరా తీగ మీద ఉండే చిన్న రంగు లూపుల్లో ఒకటి కత్తిరించాలి. ఒక లూపు బొమ్మను తిప్పుతుంది, రెండోది తెర మీద దూరం చూపే గీతల్ని తీసేస్తుంది. ఏ రంగు దేనికో కెమెరాతో వచ్చిన కాగితంలో చూసుకోండి. కత్తిరించాక రెండు కొసలకూ విడివిడిగా టేపు వేయండి.

తర్వాత గీతలు. ఇవి కెమెరాలో ముందే గీసిపెట్టినవి, మన కారు వెడల్పు, కెమెరా ఎత్తు వాటికి తెలియవు. అందుకే వాటిని నమ్మే ముందు కొలవాలి. బంపరు నుంచి టేపు పరిచి అర మీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల దగ్గర ఒక్కో ఇటుక పెట్టండి. తెరలో ఎర్ర గీత అర మీటరు ఇటుక అడుగున పడేలా కెమెరాను కిందికో పైకో వంచి బిగించండి. బంపరు అంచు తెర అడుగున సన్నగా కనిపిస్తూ ఉంటే ఇంకా మంచిది, గీతల కంటే ఆ అంచునే నమ్మొచ్చు. మిగతా రెండు ఇటుకలు గీతల మీద సరిగ్గా పడకపోవచ్చు. ఎక్కడ పడ్డాయో గుర్తుపెట్టుకోండి చాలు.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి

రివర్స్ వేసినా తెర మారడం లేదంటే కెమెరాను అనుమానించొద్దు. స్టీరియోకు సంకేతం అందలేదు. బ్యాక్ తీగ దగ్గర మీటరు పెట్టండి, 12 లేకపోతే సన్నని ఎర్ర తీగ వెనక చివర కలపడం మర్చిపోయి ఉంటారు, లేదా ఫ్యూజు పోయింది. తెర మారి No Signal అంటే సంకేతం వచ్చింది, బొమ్మే రాలేదు. అప్పుడు కెమెరా కరెంటు, ఎర్త్, పసుపు ప్లగ్గు, సెట్టింగు వరుసగా చూడాలి. ఈ రెండింటినీ విడదీసి చూస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బొమ్మ శుభ్రంగా ఉండి, స్టార్ట్ చేయగానే అడ్డ చారలు పాకుతుంటే అది ఆల్టర్నేటర్ నుంచి వచ్చే గోల. ముందు ఎర్త్ బోల్టు మళ్లీ గీకి బిగించండి. అప్పటికీ పోకపోతే కెమెరా పవర్ ఫిల్టరు పెట్టాలి. రాత్రిపూట పొగమంచులా కనిపిస్తే లెన్సు మీద మురికి, లేదా లోపల తేమ. తుడిచినా పోకపోతే సీలు పోయినట్టే, ఆ కెమెరాకు మందు లేదు.

ఆటోమేటిక్ కారులో పార్క్ నుంచి డ్రైవ్‌కు లివరు జరిపేటప్పుడు మధ్యలో రివర్స్ తగిలి తెర ఒక్క క్షణం మారుతుంది. అది లోపం కాదు.

ఈ పద్ధతి నేరుగా కుదరని కార్లు

ఇందాక మీటరు 8, 9 దగ్గర ఆగిందన్న కారు సంగతి ఇది. కొన్ని కార్లలో, ముఖ్యంగా యూరప్ కంపెనీలవాటిలో, లైట్లను స్విచ్ నేరుగా నడపదు, బాడీ కంప్యూటరు నడుపుతుంది. కరెంటును తెరిపి లేకుండా ఇవ్వకుండా సెకనుకు చాలాసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. బల్బు ఫిలమెంటు వేడిగానే ఉంటుంది కాబట్టి కంటికి తేడా తెలియదు. మీటరు సగటు చూపిస్తుంది. కెమెరా మాత్రం ప్రతి ఆఫ్‌కూ ఉలిక్కిపడుతుంది, బొమ్మ ఆరి ఆరి వెలుగుతుంది. బల్బు బాగుందో లేదో చూడటానికి లైటు ఆరి ఉన్నప్పుడు కూడా ఆ కంప్యూటరు చిన్న చిన్న పల్సులు పంపిస్తూ ఉంటుంది. వాటికి కొన్ని స్టీరియోలు దారిలో పోతుండగా ఉన్నట్టుండి కెమెరా తెర వేస్తాయి.

దీనికి రివర్స్ లైటు తీగకు, మన ఫ్యూజుకు మధ్య డయోడు, కెపాసిటరు ఉన్న ఫిల్టరు పెట్టాలి. రెడీమేడ్‌గా చిన్న డబ్బాలా దొరుకుతుంది. కరెంటు ఉన్నప్పుడు కెపాసిటరు నింపుకుంటుంది, లేనప్పుడు ఇస్తుంది. డయోడు అది వెనక్కి బల్బులోకి పోకుండా ఆపుతుంది. కెమెరా తీసుకునేది కొంచెమే కాబట్టి ఇది సరిపోతుంది. ఫిల్టరు పెట్టకుండా ఒట్టి రిలే పెడితే అది పల్సులతో పాటు టకటకా కొట్టుకుంటుంది తప్ప పని జరగదు. గేరు తీశాక కెమెరా బొమ్మ ఒక క్షణం నిలిచి ఆరుతుంది, కెపాసిటరులో మిగిలింది ఖర్చయ్యేదాకా.

వారంటీలో ఉన్న అలాంటి కారైతే తీగ ఒలవడమే వద్దు. ఆ మోడలుకే సరిపోయే ప్లగ్ అండ్ ప్లే కప్లరు దొరుకుతుందేమో వెతకండి. టెయిల్ ల్యాంపు కనెక్టరుకు, ల్యాంపుకు మధ్య అది గుచ్చుకుంటుంది, సర్వీసుకు ఇచ్చే ముందు రోజు తీసేసినా ఆనవాలు ఉండదు.